మినిమమ్ కట్టాక కూడా బిల్లు ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్రైవేటు ల్యాబ్‌లో ఉద్యోగం. ఏప్రిల్ 22న శ్రీకాకుళంలో 40,000 పెట్టి ఫ్రిజ్, మే 2న చెల్లి సీమంతానికి 12,000 బట్టలు క్రెడిట్ కార్డు మీద కొన్నాను. మే 15న 52,000 బిల్లు వచ్చింది. మినిమమ్ 2,600 అని ఉంటే గడువు రోజైన జూన్ 4న కట్టేశాను. మధ్యలో మే 25న ఇంటి సరుకులకు 6,000 వాడాను. ఇప్పుడు జూన్ 15 స్టేట్‌మెంట్‌లో 59,182.04 కట్టాలని, మినిమమ్ 2,960 అని ఉంది. స్క్రీన్‌షాట్ పంపుతున్నాను. బ్యాంకు తప్పు చేసిందా? దసరాకి బోనస్ వస్తుంది. చేతిలో ఇప్పుడు పదివేలు ఉన్నాయి. అప్పటిదాకా మినిమమ్ కట్టుకుంటూ పోతే ఏమైనా నష్టమా?

సమాధానం: ముందు ఒక చిన్న మాట. మీ స్క్రీన్‌షాట్‌లో ఫోన్ నంబరు, చిరునామా, కార్డు చివరి అంకెలు అన్నీ కనిపిస్తున్నాయి. ఇంకెవరికైనా పంపేటప్పుడు పైభాగం కత్తిరించి పంపండి. లెక్కకు కావలసింది తేదీలు, మొత్తాలు మాత్రమే.

బ్యాంకు తప్పు చేయలేదు. మీ బిల్లులో వడ్డీ 3,205.12, దాని మీద జీఎస్టీ 576.92 ఉన్నాయి. పైసలతో సహా సరిపోయాయి. తేడా ఉన్నది మీరు అనుకున్న లెక్కకూ కార్డు లెక్కకూ మధ్య. మినిమమ్ కడితే వడ్డీ పడదని చాలామంది అనుకుంటారు, కార్డు అంటగట్టే కుర్రాళ్లలో కొందరు అలాగే చెబుతారు కూడా. మినిమమ్ కాపాడేది రెండింటి నుంచే: ఆలస్య రుసుము పడదు, బాకీ ఎగ్గొట్టారని సిబిల్‌కు పోదు. వడ్డీకి దానితో సంబంధం లేదు.

స్టేట్‌మెంట్‌లో "Total Amount Due" అన్నది మీరు కట్టాల్సిన అసలు బిల్లు. గడువులోగా అది పూర్తిగా కడితేనే వడ్డీ లేని గడువు మీకు దక్కుతుంది. ఒక్క వెయ్యి మిగిల్చినా ఆ వెసులుబాటు పోతుంది. పోవడమంటే జూన్ 4 తర్వాత మిగిలిన దానికి అప్పటి నుంచి వడ్డీ వేయడం కాదు. సరుకు కొన్న రోజుకు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి రోజులు లెక్కపెడతారు. మీ బిల్లు పెరగడానికి పెద్ద కారణం ఇదే.

మీ కార్డుకు నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం అని స్టేట్‌మెంట్ కింద సన్న అక్షరాల్లో ఉంది. లెక్క కట్టే సూత్రం ఇది:

```
వడ్డీ = నిల్వ × రోజులు × 42 ÷ 36500
```

ఫ్రిజ్ నలభై వేలు ఏప్రిల్ 22 నుంచి మీరు డబ్బు కట్టిన జూన్ 4 దాకా 43 రోజులు. నలభై వేలను 43తో గుణిస్తే 17,20,000. బట్టల పన్నెండు వేలు మే 2 నుంచి జూన్ 4 దాకా 33 రోజులు, అది 3,96,000. జూన్ 4న 2,600 పోగా మిగిలిన 49,400 స్టేట్‌మెంట్ తేదీ వరకు 11 రోజులు, 5,43,400. ఇక మే 25న వాడిన ఆరువేలు 21 రోజులు, 1,26,000. నాలుగూ కలిపితే 27,85,400. దాన్ని 42తో గుణించి 36,500తో భాగించండి. 3,205.12 వస్తుంది. మీ బిల్లులో "Finance Charges" అన్న వరుసలో ఉన్నది అదే అంకె. దాని కింద "IGST" అని ఉన్నది 18 శాతం పన్ను. మీ చిరునామా ఒడిశాలో ఉంది, కార్డు బిల్లు వేసేది వేరే రాష్ట్రం నుంచి. అందుకే పన్ను రెండు ముక్కలుగా కాక ఒకే వరుసలో కనిపిస్తోంది. ఇంటి అప్పు వడ్డీ మీద జీఎస్టీ ఉండదు, క్రెడిట్ కార్డు వడ్డీ మీద ఉంటుంది.

ఇప్పుడు ఆ మే 25 నాటి ఆరువేల సంగతి చూడండి. మే 15 బిల్లు తర్వాత వాడారు కాబట్టి జులై దాకా దానికి వడ్డీ ఉండదని మీరు అనుకుని ఉంటారు. పాత బిల్లు పూర్తిగా తీరి ఉంటే మీ మాట నిజమే. తీరలేదు కనుక బియ్యం, నూనె కొన్న రోజు నుంచే వాటికీ వడ్డీ నడిచింది. ఈసారి దానివల్ల పడింది పన్నుతో కలిపి 171 రూపాయలే. మొత్తం చిన్నదే గానీ అలవాటు పెద్దది. బాకీ ఉన్నన్నాళ్లూ ఆ కార్డు గీసిన ప్రతిసారీ మీటరు అదే రోజు మొదలవుతుంది.

ఆ ఆరువేలు అసలు వాడలేదనుకున్నా బిల్లు 53,011 అయ్యేది. అంటే 2,600 కట్టాక కూడా మే నెల కంటే వెయ్యి ఎక్కువ. మొదటి వడ్డీ ఎప్పుడూ ఇలా కొడుతుంది. కొన్న రోజు నుంచి గడువు దాకా, గడువు నుంచి తర్వాతి స్టేట్‌మెంట్ దాకా, దాదాపు రెండు నెలల వడ్డీ ఒకేసారి మీద పడుతుంది. తర్వాతి నెలల్లో నెల వడ్డీయే వస్తుంది కాబట్టి బిల్లు కొంచెం కొంచెం తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. ఎంత కొంచెమో చూద్దాం.

మనకు అలవాటైన భాషలో చెప్పాలంటే, ఇది నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీ. పన్ను కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. మీ ఊళ్లో గానీ ఏరు దాటి పాతపట్నంలో గానీ ఏ షావుకారైనా నాలుగు రూపాయల వడ్డీ అంటే మీరు లేచి వచ్చేస్తారు. కార్డు మీద అదే వడ్డీని శాతాల్లో, అదీ నెల లెక్కన రాయడంతో మూడున్నర అన్న అంకె చిన్నదిగా అనిపిస్తుంది.

మీ మినిమమ్ 2,960 అంటే మొత్తం బిల్లులో అయిదు శాతం. అందులో నాలుగు శాతం పైన ఆ నెల వడ్డీకి, పన్నుకే పోతుంది. అసలుకు చేరేది నూటికి ఒక రూపాయి కూడా కాదు. దసరా దాకా, అంటే నాలుగు నెలలు, కార్డు ఇంకేమీ వాడకుండా మినిమమ్ మాత్రమే కడితే మీ జేబులోంచి సుమారు 11,700 పోతాయి. అందులో 9,500 వడ్డీ, పన్ను. బాకీ తగ్గేది 2,200. బోనస్ వచ్చే నాటికి ఇంకా 57,000 అక్కడే ఉంటుంది. ఏడాది పాటు అలాగే నడిపితే 33,700 కడతారు, 27,400 వడ్డీకీ పన్నుకూ పోతుంది, బాకీ 6,300 తగ్గుతుంది. బాకీ తగ్గేకొద్దీ మినిమమ్ కూడా తగ్గుతుంది, అందుకే ఈ బాకీ సగానికి రావడానికే ఆరేళ్లు దాటుతుంది. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే బాకీ నెలలు, ఏళ్లు సాగుతుందని స్టేట్‌మెంట్ మీద హెచ్చరిక రాయాలని రిజర్వు బ్యాంకు చెప్పింది ఇందుకే. మీ స్క్రీన్‌షాట్‌లో కూడా ఉంది, చివరన.

మినిమమ్ లెక్క అన్ని కార్డులకూ ఒకటి కాదు. కొన్ని బ్యాంకులు వడ్డీ, పన్ను, ఈఎంఐ మొత్తంగా తీసుకుని, మిగతా బాకీలో రెండు శాతమో అయిదు శాతమో కలుపుతాయి. మినిమమ్ కడుతున్నా బాకీ పెరుగుతూ పోయేలా నిబంధన ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. కట్టని రుసుముల మీద, పన్నుల మీద మళ్లీ వడ్డీ వేయకూడదని కూడా అప్పుడే చెప్పింది. నలభై రెండు శాతం అన్యాయం కదా, కోర్టుకు పోవచ్చా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ముప్పై శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది నిజమే. ఆ తీర్పును 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి రేటు మీద పోట్లాట వల్ల ఇప్పుడు ఫలితం లేదు. బాకీని ఆ రేటు నుంచి బయటికి లాగడమే దారి.

ఇక చేయాల్సిన పని. మీ చేతిలో పదివేలు ఉన్నాయన్నారు. వాటిని జులై 5 గడువు దాకా దాచకండి. ఇప్పుడు మీ బాకీకి వడ్డీ, పన్ను కలిపి రోజుకు సుమారు 80 రూపాయలు. ఈరోజు కట్టే ప్రతి పదివేలకూ రోజుకు పదమూడున్నర రూపాయలు మిగులుతుంది. వడ్డీ లేని గడువు ఎలాగూ పోయింది గనుక, గడువు తేదీ వరకు ఆగితే వచ్చే లాభం ఏమీ లేదు. ముందుగా కట్టిన డబ్బు 2,960 దాటితే ఈ నెల మినిమమ్ కూడా తీరినట్టే. కాకపోతే అది జూన్ 15 తర్వాత జమ అయిందో లేదో చూసుకోండి. స్టేట్‌మెంట్ తేదీకి ముందు కట్టింది ఈ మినిమమ్‌కు లెక్కకు రాదు.

అదే రోజు నుంచి ఆ కార్డు వాడకం ఆపాలి. మీది రూపే కార్డయి, యూపీఐకి కలిపి ఉంటే ఇంకా జాగ్రత్త. కిరాణా కొట్టులో స్కాన్ చేసినప్పుడు బ్యాంకు ఖాతాకు బదులు కార్డే ముందుగా ఎంపికై ఉండొచ్చు. యాప్‌లోకి వెళ్లి మార్చేయండి. ఈ కార్డుతో ఏటీఎంలో డబ్బు మాత్రం ఎప్పుడూ తీయకండి. బిల్లు పూర్తిగా కట్టేవాళ్లకు కూడా దానికి వడ్డీ లేని గడువు ఉండదు, పైగా తీసిన రుసుము వేరు.

పదివేలు పోగా మిగిలేది సుమారు యాభై వేలు. దీనికి రెండు దారులు ఉన్నాయి. ఇంట్లో బంగారం ఉంటే నా ఓటు బ్యాంకు బంగారు రుణానికే. పదిశాతం వడ్డీ అనుకుంటే యాభై వేలకు నాలుగు నెలలకు 1,667 రూపాయలు. దానికి తూకం ఖర్చు కొంత కలుపుకోండి. దసరాకి బోనస్ రాగానే తీర్చి వస్తువు ఇంటికి తెచ్చుకోవచ్చు. బ్యాంకులో కుదరక ఊళ్లో తాకట్టు కొట్టుకే వెళ్లాల్సి వచ్చినా, రెండు రూపాయల వడ్డీకి నాలుగు నెలలకు 4,000 అవుతుంది. అదే యాభై వేలు కార్డులో ఉంటే 8,260. కొట్టులో మాత్రం తూకం, వడ్డీ, గడువు మూడూ రాసిన రశీదు లేకుండా వస్తువు ఇవ్వకండి.

బంగారం వద్దనుకుంటే కార్డు బాకీనే ఈఎంఐగా మార్చమనండి. యాప్‌లో "Convert to EMI" అనో అలాంటి పేరుతోనో ఉంటుంది. లేకపోతే కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. మారుస్తామంటూ వాళ్లే ఫోన్ చేసి ఓటీపీ అడిగితే అది మోసం. ఈ పని గడువు తేదీకి ముందే, వీలైతే ఈ వారమే చేయాలి. ఆలస్యమైతే కొన్ని బ్యాంకులు ఒప్పుకోవు, ఒప్పుకున్నా ఈలోగా రోజుకు 80 పోతూనే ఉంటుంది. ఏడాదికి 18 శాతం చొప్పున యాభై వేలకు పన్నెండు నెలల వాయిదా 4,584 వస్తుంది. వడ్డీ మొత్తం 5,008, దాని మీద జీఎస్టీ 901, ఒక శాతం ప్రాసెసింగ్ రుసుము అనుకుంటే పన్నుతో 590. అంతా కలిపి 6,500 ఖర్చు. మినిమమ్ దారిలో అదే ఏడాదికి అయ్యే 27,400 పక్కన పెట్టి చూడండి.

ఈఎంఐలో మూడు చోట్ల కాళ్లు తడబడతాయి. మొదటిది, దసరాకి ఒకేసారి తీర్చేస్తే ముందస్తు ముగింపు రుసుము ఎంతో ఇప్పుడే అడగాలి. అది ఎక్కువైతే బోనస్ కోసం ఎదురుచూసే మీకు బంగారు రుణమే నయం. రెండోది, బిల్లులో ఇప్పటికే పడిన వడ్డీ, పన్ను, రుసుములు సాధారణంగా ఈఎంఐలోకి మారవు, కొనుగోళ్లే మారతాయి. మీ బిల్లులో కొనుగోళ్ల భాగం 55,400 కాబట్టి యాభై వేలకు ఇబ్బంది ఉండదు. మూడోదే ఎక్కువమంది పడే గొయ్యి. మారిన తర్వాత బ్యాంకు యాభై వేలు జమ చేసి, తర్వాతి బిల్లు నుంచి నెలనెలా వాయిదా కలుపుతుంది. ఆ వాయిదాతో వచ్చే "Total Amount Due" మొత్తం కట్టాలి. మళ్లీ మినిమమ్‌కు దిగితే ఒకవైపు ఈఎంఐ వడ్డీ, మరోవైపు మిగిలినదాని మీద నాలుగు రూపాయల వడ్డీ, రెండూ నడుస్తాయి.

మీ బ్యాంకు ఖాతా నుంచి కార్డుకు ఆటో డెబిట్ పెట్టుకుని ఉంటే అది ఇప్పుడే తెరిచి చూడండి. దరఖాస్తు ఫారంలో మినిమమ్, మొత్తం అని రెండు గడులు ఉంటాయి. మినిమమ్ మీద టిక్కు పడి ఉన్న సంగతి చాలామందికి ఏడాది తర్వాత గానీ తెలియదు. చేత్తో కట్టేవాళ్లు గడువుకు మూడురోజుల ముందే కట్టడం మంచిది. వేరే యాప్ ద్వారా కట్టిన డబ్బు కార్డుకు చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, చేరిన రోజు దాకా వడ్డీ మీదే. ఆలస్య రుసుము మాత్రం గడువు దాటి మూడు రోజులకు పైగా అయితేనే వేయాలన్నది రిజర్వు బ్యాంకు నియమం.

చివరగా, జులై 15 స్టేట్‌మెంట్ చూసి కంగారు పడకండి. జూన్ 15 నుంచి మీరు బాకీ తీర్చిన రోజు దాకా, లేదా ఈఎంఐ మారిన రోజు దాకా వడ్డీ అందులో వస్తుంది. అయిదు రోజుల్లో పని ముగిస్తే పన్నుతో కలిపి సుమారు 400, జులై 5 దాకా లాగితే 1,600. మొత్తం బిల్లు కట్టేసినా మళ్లీ వడ్డీ వేశారేంటని చాలామంది గొడవపడేది దీని గురించే, కానీ అది సరైన లెక్కే. ఆ జులై బిల్లు పైసా మిగలకుండా కట్టండి. ఆగస్టు 15 స్టేట్‌మెంట్‌లో "Finance Charges" వరుస సున్నాకు రావాలి, మహా అయితే పదో పరకో ఉండాలి. ఈఎంఐ వడ్డీ వేరే వరుసలో ఉంటుంది, దాన్ని ఇందులో కలిపి చూడకండి. అప్పటికీ వందల్లో పడితే పై సూత్రంతో లెక్కవేసి, తేదీలతో సహా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా `cms.rbi.org.in`లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదుకు ఇప్పుడు నాకు పంపిన స్క్రీన్‌షాట్ చాలదు, మే నుంచి ఆగస్టు దాకా నాలుగు స్టేట్‌మెంట్ల పీడీఎఫ్‌లూ దించి పెట్టుకోండి.